చేతిలో డబ్బు లేకపోతే నష్టమేనా? మూడెకరాల వరి రైతుకి చిట్టా నుంచి లాభనష్టాల పట్టీ దాకా

రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి మే నెలాఖరులో మా పెదనాన్న అరుగు మీద కూర్చుని, "ఈ ఏడు ఏమీ మిగల్లేదురా, జేబులో ఐదు వేలున్నాయి, అంతే" అన్నారు. మాది తణుకు దగ్గర ఊరు. ఆయనకి సొంతం రెండెకరాలు, కౌలుకి ఇంకో ఎకరం, పాడికి ఒక గేదె. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. ఆ ఏడు వ్యవసాయం మీద ఆయనకి లక్షన్నర మిగిలింది. మరి డబ్బు ఎక్కడికి పోయిందన్నది కూడా లెక్కలోనే తేలింది. మేం ఆ లెక్క ఎలా తీశామో వరుసగా చెబుతాను. చదవడానికి తేలిగ్గా ఉండాలని అంకెల్ని కొంచెం గుండ్రం చేశాను. ధరలు 2024-25 నాటివి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఏడాది ఎప్పుడు మొదలవుతుందో తేల్చుకోండి

బ్యాంకులూ ఆఫీసులూ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు లెక్క చూస్తాయి. డెల్టా రైతుకి ఆ తేదీ పనికిరాదు. మార్చి 31న దాళ్వా చేను పాలుపోసుకునో, గింజ గట్టిపడుతూనో ఉంటుంది. కోయని చేనుకి ధర కట్టడం ఎవరికైనా కష్టమే. ఎంత కట్టినా అది ఊహే. ఆ ఊహ మీద తీసిన లాభం కూడా ఊహే అవుతుంది.

అందుకే మేం జూన్ 1 నుంచి మే 31 వరకు పెట్టుకున్నాం. మే చివరికి దాళ్వా ధాన్యం ఇంటికో కాటాకో చేరిపోయి ఉంటుంది. వానాకాలం పంట సార్వాకి ఆకుమడి ఇంకా పోసి ఉండం. చేలు ఖాళీగా ఉంటాయి కాబట్టి లెక్కపెట్టాల్సినవన్నీ కంటి ముందే ఉంటాయి. చెరకు, అరటి, కొబ్బరి ఉన్నవాళ్లకి ఇంత శుభ్రంగా కుదరదు. చేలో ఉన్న తోటకి అప్పటివరకు పెట్టిన ఖర్చునే విలువగా రాసుకోవాలి. వరి రైతుకి ఆ ఇబ్బంది లేదు.

చిట్టా: రోజూ రెండు నిమిషాలు

పాతకాలం షావుకార్లు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెట్టేవారు. చిట్టా రోజువారీ రొక్కం పుస్తకం, ఆవర్జా పద్దులవారీ పుస్తకం. మనకి ఒక పొడుగు నోటు పుస్తకం చాలు. ముందు భాగంలో చిట్టా రాసి, వెనక భాగాన్ని నేను కింద చెప్పే మూడు పేజీలకి ఉంచుకోవాలి.

చిట్టా ఇలా ఉంటుంది:

| తేదీ | వివరం | దేనికి | వచ్చింది | పోయింది | నిల్వ |
|---|---|---|---|---|---|
| జూలై 17 | ముందు నిల్వ | | | | 9,200 |
| జూలై 18 | ఊడ్పు కూలి, కాలవ చేను 1 ఎకరం | వరి | | 6,500 | 2,700 |
| జూలై 20 | పాల డబ్బు, 10 రోజులు | గేదె | 2,100 | | 4,800 |
| జూలై 21 | ఇంటి ఖర్చుకి | ఇల్లు | | 1,500 | 3,300 |

ఇందులో ముఖ్యమైనది మూడో గడి. ప్రతి రూపాయికీ వరి, గేదె, ఇల్లు, అప్పు అనే నాలుగింట్లో ఒక పేరు ఉండాలి. ఇంటికి తీసిన డబ్బు వ్యవసాయ ఖర్చు కాదు. పెళ్లికి పెట్టిన కట్నం చదివింపులు, మందుల షాపు బిల్లు, పిల్లల ఫీజు అన్నీ "ఇల్లు" కిందకే వెళ్లాలి. వీటిని వరిలో కలిపేస్తే పంట నష్టంలో ఉన్నట్టు కనబడుతుంది. నిజానికి ఆ పంటే ఇంటిని నడిపి ఉంటుంది.

నిల్వ గడి రాయడం చాలామంది మానేస్తారు. అది మానేస్తే తప్పు పట్టుకునే దారి పోతుంది. వారానికోసారి జేబులోదీ బ్యాంకులోదీ కలిపి లెక్కపెట్టి, పుస్తకంలో నిల్వతో సరిచూడండి. యాభైయో వందో తేడా వస్తే "ఇల్లు" కింద రాసి సరిపెట్టేయొచ్చు. వెయ్యి తేడా వస్తే మాత్రం ఆ వారంలో ఏదో రాయడం మర్చిపోయారు. వారం నాటిదైతే గుర్తొస్తుంది. మూడు నెలల నాటిది గుర్తు రాదు.

వెనక మూడు పేజీలు

మొదటిది ధాన్యం పేజీ. చిట్టా డబ్బుని మాత్రమే చూస్తుంది. మన దగ్గర బస్తాలు డబ్బు ముఖం చూడకుండానే చేతులు మారతాయి. కౌలు బస్తాల్లో ఇస్తాం, తిండికి మర పట్టిస్తాం, కొన్నిటిని ఇంట్లో ఉంచుతాం. ఇవి రాయకపోతే ఆదాయంలో పెద్ద ముక్క లెక్కకి రాకుండా పోతుంది. పెదనాన్నగారి పేజీ ఆ ఏడు ఇలా ఉంది. పాతవి 10 బస్తాలు ఉన్నాయి. సార్వాకి ఎకరానికి 28 చొప్పున 84, దాళ్వాకి 42 చొప్పున 126, మొత్తం 210 బస్తాలు పండాయి. కౌలుకి 24 ఇచ్చారు, 160 అమ్మారు, ఇంట్లో 18 తిన్నారు. మిగలాల్సింది 18. కొట్లోకి వెళ్లి లెక్కపెడితే సరిగ్గా 18 ఉన్నాయి. తక్కువ వచ్చి ఉంటే కాటా దగ్గరైనా, మర దగ్గరైనా, రాత దగ్గరైనా ఎక్కడో జారిందని అర్థం.

బస్తా అంటే 75 కిలోలు. కానీ తేమ కూడా పక్కన రాయండి. మద్దతు ధరకి తేమ 17 శాతం దాటకూడదు. మెషిన్‌తో కోసిన పచ్చి ధాన్యం 22 శాతంతో ఉంటే, 75 కిలోల బస్తా 17 శాతానికి ఎండేసరికి 70న్నర కిలోలే అవుతుంది. అంటే బస్తాకి నాలుగున్నర కిలోలు నీళ్లే. ఎండబెట్టి అమ్మిన ఏడూ, పచ్చిగా అమ్మిన ఏడూ బస్తాల లెక్కలో పోల్చుకుంటే దిగుబడి తగ్గిందో తేమే తగ్గిందో తెలియదు. నవంబరు, డిసెంబరుల్లో తుపాను వానల మధ్య కోసిన ఏడైతే ఈ గడి మరీ అవసరం.

రెండోది అరువు పేజీ. ఎరువుల షాపు ఖాతా, తెచ్చుకున్న అప్పులు, మనకి రావాల్సినవి దీనిలో రాయాలి. నేను మొదటి ఏడు ఇక్కడే తప్పు చేశాను. యూరియా తెచ్చిన రోజు ఖర్చు రాశాను. డిసెంబరులో షాపుకి డబ్బు కట్టిన రోజు మళ్లీ ఖర్చు రాశాను. ఎరువుల ఖర్చు రెండింతలైంది. సరైన పద్ధతి ఏమిటంటే, సరుకు తెచ్చిన రోజు అరువు పేజీలో బాకీగా, "వరి ఎరువు" అన్న పేరుతో రాయాలి. డబ్బు కట్టిన రోజు చిట్టాలో "అప్పు" అని రాసి, అరువు పేజీలో బాకీ తగ్గించాలి. ఖర్చు ఒక్కసారే లెక్కకి రావాలి, అదీ సరుకు వాడిన ఏడులో.

పంట రుణం రెన్యువల్ కూడా ఇలాంటిదే. ఒక రోజు లక్ష కట్టి, తర్వాత మళ్లీ లక్ష తీసుకుంటాం. చిట్టాలో లక్ష పోయినట్టూ లక్ష వచ్చినట్టూ ఉంటుంది. అసలు కట్టడం ఖర్చు కాదు, అప్పు తేవడం ఆదాయం కాదు. వడ్డీ ఒక్కటే ఖర్చు.

మూడోది పని రోజుల పేజీ. ఇంట్లోవాళ్లు చేలోనూ గేదె దగ్గరా చేసిన పనిని పూట లెక్కన గీతలు గీసి పెట్టుకోవాలి. దానికి డబ్బు రాయనక్కర్లేదు. దీని అవసరం ఏమిటో చివర్లో తెలుస్తుంది.

ఆస్తి–అప్పుల పట్టీ: ఏడాదికి ఒక్క సాయంత్రం

బ్యాలెన్స్ షీట్ అంటే ఒక రోజు సాయంత్రం మన దగ్గర ఏమున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న జాబితా. మే 31 సాయంత్రం కొట్టు, పాక, బ్యాంకు పాస్‌బుక్, షాపు చీటీలు ముందు పెట్టుకుని రాయాలి. ఆ రాత్రి రాసిందే మర్నాటి కొత్త ఏడాదికి మొదటి పట్టీ అవుతుంది.

ధరలు కట్టడంలో మేం పెట్టుకున్న నియమాలు కొన్నే. ఇంట్లో ఉన్న ధాన్యానికి మద్దతు ధర వేయలేదు. 2024-25లో సాధారణ రకానికి క్వింటాలుకి 2,300, అంటే బస్తాకి 1,725 రూపాయలు. కానీ ఇంట్లో ఉన్న కొద్దిపాటి బస్తాలు అమ్మాలంటే ఊళ్లోకి వచ్చే వ్యాపారి ఇచ్చే ధరే దిక్కు. అందుకని బస్తాకి 1,600 వేశాం. మొదటి పట్టీకీ చివరి పట్టీకీ అదే ధర వాడాలి. ధర మారిస్తే పంట పెరగకుండానే లాభం పెరిగినట్టు కనబడుతుంది.

స్ప్రేయరు, పాక లాంటివాటికి కొన్న ధరని పనికొచ్చే ఏళ్లతో భాగించి ఏటా అంత తగ్గించాలి. దీన్నే తరుగు అంటాం. 12,000 పెట్టి కొన్న పవర్ స్ప్రేయరు ఆరేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 2,000 తరుగు. గేదె ఇంకో ఈత పెద్దదైంది కాబట్టి సంతలో పలికే ధర 5,000 తగ్గించాం.

భూమి సంగతి వేరు. డెల్టాలో ఎకరం ధర మిగతా అన్ని అంకెల్నీ మింగేస్తుంది. రియల్ ఎస్టేట్ వాళ్లు వచ్చి ఎకరానికి రెండు లక్షలు పెంచితే, పంట పోయిన ఏడు కూడా పట్టీలో లాభమే కనబడుతుంది. భూమి అమ్మేది లేనప్పుడు ఆ పెరుగుదల సేద్యం సంగతి ఏమీ చెప్పదు. అందుకని సొంత రెండెకరాలనీ పట్టీ కింద విడిగా రాసి, మొత్తంలో కలపలేదు. బ్యాంకుకి ఇచ్చే పట్టీలో కలుపుకోవచ్చు. కౌలు ఎకరం మన ఆస్తి కాదు, దాన్ని ఎక్కడా రాయకూడదు.

| | 2024 జూన్ 1 | 2025 మే 31 |
|---|---|---|
| చేతిలో, బ్యాంకులో డబ్బు | 18,000 | 5,400 |
| అమ్మిన ధాన్యానికి రావాల్సింది | – | 69,000 |
| ఇంట్లో ధాన్యం (10 / 18 బస్తాలు) | 16,000 | 28,800 |
| గేదె | 70,000 | 65,000 |
| స్ప్రేయరు | 8,000 | 6,000 |
| పశువుల పాక | 40,000 | 36,000 |
| ఆస్తి మొత్తం | 1,52,000 | 2,10,200 |
| పంట రుణం | 1,00,000 | 1,00,000 |
| బయటి అప్పు | 50,000 | 30,000 |
| దాని మీద కట్టాల్సిన వడ్డీ | – | 3,000 |
| ఎరువుల షాపు బాకీ | 14,000 | 22,000 |
| అప్పు మొత్తం | 1,64,000 | 1,55,000 |
| నికరం (భూమి కాకుండా) | –12,000 | 55,200 |

మొదటి వరుస చూడండి. పెదనాన్న చూసింది అదొక్కటే. 18,000 ఉన్నది 5,400కి దిగింది కాబట్టి నష్టమనుకున్నారు. కానీ చివరి లోడు 40 బస్తాల డబ్బు, 69,000, ఇంకా పడలేదు. బయటి అప్పు 20,000 తీరింది. కొట్లో ఎనిమిది బస్తాలు ఎక్కువున్నాయి. ఇవేవీ జేబులో కనబడవు.

వడ్డీ వరుస గురించి ఒక మాట. బయటి అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. డిసెంబరు చివర్లో 20,000 అసలు, అప్పటివరకు ఏడు నెలల వడ్డీ 7,000 కట్టారు. మిగిలిన 30,000 మీద జనవరి నుంచి మే వరకు ఐదు నెలలకి 3,000 అయింది, అది ఇంకా కట్టలేదు. కట్టకపోయినా అది ఈ ఏడు ఖర్చే. అందుకే అప్పుల్లో రాశాం.

లాభనష్టాల పట్టీ

ఆస్తి–అప్పుల పట్టీ ఒక రోజు సంగతి చెబుతుంది. ఈ పట్టీ ఏడాది పొడుగునా జరిగింది చెబుతుంది. చిట్టాలో మూడో గడి చూసుకుంటూ ఒక్కో పేరు కిందివి కూడుకుంటే చాలావరకు వచ్చేస్తుంది. తర్వాత డబ్బుతో ముడిపడనివి కలపాలి.

| ఆదాయం | రూ. |
|---|---|
| అమ్మిన ధాన్యం, 160 బస్తాలు × 1,725 | 2,76,000 |
| కౌలుకి ఇచ్చినది, 24 × 1,600 | 38,400 |
| ఇంట్లో తిన్నది, 18 × 1,600 | 28,800 |
| ఇంట్లో నిల్వ పెరిగింది, 8 × 1,600 | 12,800 |
| అమ్మిన పాలు | 62,000 |
| ఇంట్లో వాడుకున్న పాలు | 18,000 |
| మొత్తం | 4,36,000 |

| ఖర్చు | రూ. |
|---|---|
| దుక్కి, దమ్ము | 33,000 |
| విత్తనం | 6,000 |
| ఊడ్పులు | 39,000 |
| ఎరువులు | 36,000 |
| కలుపు, పురుగు, తెగులు మందులు | 27,000 |
| కోత మెషిన్ | 24,000 |
| కలుపు కూలి, ఎండబోత, మోత, తోలకం | 27,000 |
| కౌలు, 24 బస్తాలు | 38,400 |
| గేదె దాణా, వైద్యం | 26,000 |
| వడ్డీ (4,000 + 10,000) | 14,000 |
| తరుగు (5,000 + 2,000 + 4,000) | 11,000 |
| ఇతరం | 4,600 |
| మొత్తం | 2,86,000 |
| మిగిలింది | 1,50,000 |

కౌలు ధాన్యం రెండు పక్కలా ఉండడం చూసి పెదనాన్న ఎందుకని అడిగారు. అది మన చేలో పండింది కాబట్టి ఆదాయం, భూమి గలాయనకి ఇచ్చాం కాబట్టి ఖర్చు. రెండూ కొట్టుకుపోతాయి కదా అని వదిలేస్తే, ఎకరానికి ఎంత పండిందో ఎంత ఖర్చయిందో తప్పుగా తేలుతుంది. ఖర్చు పక్క మాత్రమే రాస్తే ఇంకా పెద్ద తప్పు, లాభంలో 38,400 ఉత్తినే పోతుంది.

పంట రుణం వడ్డీ లక్షకి 4,000 ఎలా అయిందంటే, మామూలు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ. గడువు దాటితే ఈ వరుస 7,000 దాటుతుంది.

పీఎం కిసాన్ కింద మూడు విడతల్లో వచ్చిన 6,000 పట్టీ కింద విడిగా రాశాం. అది ఇంటికి వచ్చిన డబ్బే కానీ వరి సంపాదించినది కాదు. దానితో కలిపితే ఏడాది మిగులు 1,56,000.

రెండు పట్టీలూ ఒకదానికొకటి సాక్ష్యం

లెక్క సరిగ్గా ఉందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు. మిగులులోంచి ఇంటికి తీసుకున్నది తీసేస్తే, నికరంలో వచ్చిన మార్పుతో సరిపోవాలి.

ఇంటికి రొక్కంగా తీసింది 42,000. తిన్న ధాన్యం 28,800, వాడిన పాలు 18,000. మొత్తం 88,800. ఇంటి మిగతా ఖర్చు మా అన్నయ్య జీతంతో నడిచింది, అది ఈ పుస్తకంలోకి రాదు. 1,56,000లో 88,800 పోగా 67,200. నికరం –12,000 నుంచి 55,200కి వచ్చింది, అదీ 67,200 పెరిగినట్టే.

మాకు మొదటిసారి ఇది కుదరలేదు. 69,000 తేడా వచ్చింది. అంకె చూడగానే కారణం దొరికింది. అమ్మకాల్లో చివరి లోడు రాశాం కానీ రావాల్సిన బాకీగా పట్టీలో రాయలేదు. తేడా అంకెనే చిట్టాలోనూ అరువు పేజీలోనూ వెతకండి. దొరకకపోతే అందులో సగం వెతకండి, వచ్చింది గడిలో రాయాల్సింది పోయింది గడిలో రాస్తే తేడా రెండింతలవుతుంది. అప్పటికీ దొరకకపోతే ధాన్యం రెండు చోట్లా వేర్వేరు ధరలతో కట్టారేమో చూడండి.

ఇప్పుడు పట్టీని అడగాల్సిన రెండు ప్రశ్నలు

కౌలు ఎకరం గిట్టిందా? ఆ ఎకరంలో రెండు పంటలకీ కలిపి 70 బస్తాలు పండాయి. కౌలు 24 పోగా 46. మద్దతు ధరకి లెక్కేస్తే 79,350. పట్టీలో దుక్కి నుంచి తోలకం దాకా కూడితే వరి ఖర్చు మూడెకరాలకి 1,92,000 కాబట్టి ఎకరానికి 64,000. మిగిలింది 15,350. వడ్డీ కూడా ఇంకా తీయలేదు. ఏడాదికి తొమ్మిది బస్తాల దిగుబడి తగ్గితే ఈ మిగులు మొత్తం పోతుంది. దోమపోటు ఒక మడిని తాకినా, కోతప్పుడు వాన పడినా తొమ్మిది బస్తాలు పోవడం ఎంతసేపు! సొంత ఎకరానికైతే ఈ 24 బస్తాల అడ్డుగోడ ఉంది. కౌలు ఎకరానికి లేదు. ఈ ఒక్క అంకె చూశాక పెదనాన్న భూమి గలాయన దగ్గరికి వెళ్లి, దాళ్వా కౌలు 14 నుంచి 12కి తగ్గించమని అడిగారు. ఆయన పదమూడుకి ఒప్పుకున్నారు. పుస్తకం చేతిలో పెట్టుకుని మాట్లాడడం వల్ల అదైనా కుదిరింది.

రెండో ప్రశ్న, మన కష్టానికి ఎంత పడింది? లక్షన్నర మిగులులో సొంత భూమి వాటా కూడా ఉంది. ఆ రెండెకరాలు కౌలుకి ఇచ్చి ఊరుకున్నా 48 బస్తాలు, అంటే 76,800 వచ్చేవి. అది తీసేస్తే 73,200. పని రోజుల పేజీలో పెదనాన్న, పెద్దమ్మ కలిపి 240 రోజుల గీతలున్నాయి. రోజుకి 305 రూపాయలు. ఈ అంకెని మీ ఊళ్లో కూలి రేటు పక్కన పెట్టి చూసుకోండి. పెద్దమ్మ ఆ పేజీ చూసి, గేదె పని మొత్తం తన గీతలే కదా అన్నారు. నిజమే. పాల మీద మిగిలింది ఆమె కష్టమే.

జూన్ 1 ఉదయం

కొత్త చిట్టాలో మొదటి వరుస నిల్వ 5,400. అరువు పేజీలో పంట రుణం 1,00,000, షాపు 22,000, బయటి అప్పు 30,000, వడ్డీ 3,000, రావాల్సినవి 69,000 ఎక్కించాలి. ఆ 69,000 జూన్‌లో పడితే చిట్టాలో "వచ్చింది" గడిలో రాయండి, కానీ పేరు "వరి" అని రాయకండి, "అప్పు" అని రాసి వివరంలో "పాత బాకీ" అని రాయండి. దాన్ని పోయిన ఏడు ఆదాయంలో ఒకసారి లెక్కపెట్టేశాం. ఆ డబ్బుతో ముందు ఎవరికి కట్టాలో కూడా అదే పేజీ చెబుతుంది. 4 శాతం, 24 శాతం పక్కపక్కన ఉన్నప్పుడు ముందు తీర్చాల్సింది రెండోదాన్నే. పెదనాన్న మొదటి వారంలోనే 33,000 కట్టి నోటు వెనక్కి తెచ్చుకున్నారు.